బోరు లోతు, ఫ్లోరైడ్, మధ్యలో ఒక గీత: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ పక్క ఒక పల్లె హైస్కూల్లో లెక్కలు చెబుతాను. సైన్స్ ప్రాజెక్టు అనగానే మా పిల్లలు బోరు నీళ్లనే ఎత్తుకుంటారు. ఫ్లోరిన్ పేరు వినకుండా పెరిగిన పిల్లలు ఈ పక్క లేరు మరి. బోరు ఎన్ని అడుగులో ఇంట్లో అడిగి రాసుకుంటారు, నీళ్లు పరీక్ష చేయిస్తారు, కంప్యూటర్లో బోరుకో చుక్క పెట్టే స్కాటర్ ప్లాట్ గీసి, ఆ చుక్కల మధ్య నుంచి పోయే ట్రెండ్‌లైన్ వేస్తారు. గీత పైకి పోగానే చార్టు మీద పెద్ద అక్షరాలతో "లోతు పెరిగితే ఫ్లోరైడ్ పెరుగుతుంది" అని రాసేస్తారు. అక్కడి నుంచి పిల్లలకూ, వాళ్ల నాయనలకూ, ఒక్కోసారి తోటి టీచర్లకూ అవే అనుమానాలు వస్తుంటాయి. వాటిని ఇక్కడ ఒకచోట పెట్టాను.

కింది అంకెలు ఏ ఊరి నీటి పరీక్షవీ కావు. చేత్తో లెక్క వేసుకుని చూడటానికి వీలుగా నేనే కూర్చినవి. ఫ్లోరైడ్ లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంది.

| బోరు ఉన్న చోటు | లోతు (అడుగులు) | ఫ్లోరైడ్ |
|---|---|---|
| చెరువు కింద | 120 | 0.8 |
| చెరువు కింద | 150 | 1.0 |
| చెరువు కింద | 180 | 0.7 |
| చెరువు కింద | 210 | 0.9 |
| చెరువు కింద | 240 | 0.8 |
| మెట్ట మీద | 360 | 2.4 |
| మెట్ట మీద | 400 | 2.1 |
| మెట్ట మీద | 440 | 2.6 |
| మెట్ట మీద | 480 | 2.2 |
| మెట్ట మీద | 520 | 2.4 |

## పటం గీసే ముందు

ఒక్కో చుక్క దేన్ని చెబుతుంది సార్?

ఒక చుక్క అంటే ఒక బోరు. దాని కిందికి చూస్తే అడ్డగీత మీద లోతు దొరుకుతుంది, పక్కకు చూస్తే నిలువుగీత మీద ఫ్లోరైడ్ దొరుకుతుంది. 440 అడుగుల బోరు చుక్క 2.6 ఎత్తులో ఉంటుంది. చుక్కకు తెలిసింది ఆ రెండు అంకెలే. ఆ బోరు చెరువు కింద ఉందో మెట్ట మీద ఉందో, నీళ్లు ఎండాకాలంలో పట్టారో వానల తర్వాత పట్టారో చుక్కను చూస్తే తెలియదు. అందుకే నోటుబుక్కులో ఆ వివరాలకు వేరే గడులు పెట్టమని పోరుతుంటాను. పటం గీశాక గుర్తు తెచ్చుకుని రాయబోతే సగం మరిచిపోయి ఉంటారు.

లైన్ చార్ట్ పెట్టినా గీత వస్తుంది కదా, స్కాటరే ఎందుకు?

ఎక్సెల్‌లో లైన్ చార్ట్ పెడితే లోతుల్ని అది అంకెలుగా కాక పేర్లుగా చూస్తుంది. 240 తర్వాత 360 వచ్చినా, 360 తర్వాత 400 వచ్చినా మధ్యలో ఒకటే దూరం వదులుతుంది. దాని మీద ట్రెండ్‌లైన్ వేస్తే లెక్క లోతుతో కాకుండా 1, 2, 3 అనే వరుస నంబర్లతో జరుగుతుంది. గీత చూడటానికి బాగానే ఉంటుంది కానీ సమీకరణంలో x అంటే అడుగులు కావు. కాబట్టి Insert లోకి వెళ్లి Scatter ఎంచుకోవాలి. తర్వాత ఒక చుక్క మీద కుడి క్లిక్ చేసి Add Trendline, అందులో Linear పెట్టి, కిందున్న Display Equation on chart, Display R-squared value on chart అనే రెండింటికీ టిక్ పెట్టాలి.

ఒక్క అంకె తప్పు కొడితే గీత అంత మారుతుందా?

మారుతుంది, అందులోనూ చివరి చుక్క అయితే మరీ. 520 అడుగుల బోరుకు 2.4 బదులు దశాంశ బిందువు మరిచిపోయి 24 అని కొట్టామనుకోండి. సరైన అంకెలతో 100 అడుగులకు 0.5 పెరుగుతున్న గీత ఒక్కసారిగా 100 అడుగులకు 2.8 దాకా లేస్తుంది. చుక్కలు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే R² మాత్రం 0.84 నుంచి 0.34కి పడిపోతుంది. ఒక బోరు మిగతా తొమ్మిదింటినీ తన వైపు లాగేసిందన్నమాట. పటంలో ఒక్క చుక్క పైన ఎక్కడో ఉండి మిగతావన్నీ అడుగున అతుక్కుని కనిపిస్తే ముందు పరీక్ష కాగితం తీసి సరిచూడాలి. గీతకు అడ్డం వస్తోందని చుక్కను తీసేయకూడదు. కాగితంలో నిజంగానే 24 ఉంటే నీళ్లు మళ్లీ పరీక్షకు పంపాలి.

## గీత చదివేటప్పుడు

y = 0.005x + 0.03 అని వచ్చింది. మామూలు మాటల్లో ఏంటిది?

x అంటే లోతు, y అంటే గీత ఊహించే ఫ్లోరైడ్. 0.005 అంటే, ఒక బోరుకన్నా ఇంకో బోరు 100 అడుగులు ఎక్కువ లోతుంటే దాని ఫ్లోరైడ్ సగటున 0.5 ఎక్కువ కనిపించిందని. ఇక్కడ మాట జాగ్రత్తగా వాడాలి. పోల్చింది రెండు వేర్వేరు బోర్లను. ఒకే బోరును ఇంకో వంద అడుగులు దింపితే ఏమవుతుందో ఈ లెక్కలో ఎవరూ చూడలేదు. "ఎక్కువ కనిపించింది" అనే మాట "పెంచింది" అయ్యేది సరిగ్గా ఈ వాక్యం దగ్గరే, చాలామంది గమనించరు.

0.03 అంటే లోతు సున్నా ఉన్నప్పటి విలువ. సున్నా అడుగుల బోరు లేదు కాబట్టి దానికి విడిగా అర్థం వెతకొద్దు, గీత ఎక్కడ మొదలవాలో చెప్పడానికే అది ఉంది.

R² 0.84 వచ్చింది. 84 శాతం నిజమనా, 84 శాతం కారణం లోతేననా?

రెండూ కాదు. పది బోర్ల ఫ్లోరైడ్ ఒకేలా లేదు, 0.7 నుంచి 2.6 దాకా చెదిరి ఉంది. ఆ చెదురులో 84 శాతాన్ని గీత ఎత్తుపల్లాలతో సరిపోల్చుకోవచ్చని ఆ అంకె చెబుతుంది. చుక్కలు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే కొలత అది, అంతే.

నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. లోతును నిలువుగీత మీదికి, ఫ్లోరైడ్‌ను అడ్డగీత మీదికి మార్చి మళ్లీ గీయండి. R² అదే 0.84 వస్తుంది. సమీకరణం మాత్రం ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము పెరిగితే బోరు దాదాపు 167 అడుగులు లోతవుతుందని చెబుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ రిగ్గు తెచ్చి బోరు తవ్వదు కదా. ఏది ముందు, ఏది వెనక అన్నది ఈ అంకెకు తెలియదు, దానికి తెలిసిన సంగతి కలిసి నడవడమే.

వంకర గీత పెడితే R² పెరుగుతోంది. అదే పెట్టొచ్చా?

పెరగక ఏం చేస్తుంది. Polynomial ఎంచి Order పెంచుతూ పోతే గీత పాములా మెలికలు తిరిగి చుక్కలకు దగ్గరవుతుంది. పది చుక్కలకు Order 6 పెట్టి గీత గీస్తే అది బోర్ల గురించి కాదు, ఆ పది కొలతల్లోని ఒడుదొడుకుల గురించి చెబుతుంది. పదకొండో బోరు వచ్చిన రోజు తేలిపోతుంది.

గీత మీద లేని చుక్కలన్నీ తప్పు కొలతలేనా?

కావు. గీత సగటు చెబుతుంది, చుక్కలు దానికి కొంచెం పైనా కిందా ఉండటం మామూలే. చూడాల్సింది అవి ఏ వరుసలో తప్పుతున్నాయన్నది. చెరువు కింది బోర్లు తీసుకోండి. 120 అడుగుల దానికి గీత 0.63 అంటోంది, నిజంగా 0.8 ఉంది, అంటే చుక్క గీతకు పైన ఉంది. 240 అడుగుల దానికి గీత 1.23 అంటోంది, నిజంగా 0.8, అంటే కిందికి పోయింది. మెట్ట మీదికి వస్తే 360 అడుగుల దానికి గీత 1.83 అంటే ఉన్నది 2.4. చుక్క మళ్లీ పైకి ఎగిరింది. 520 దగ్గర గీత 2.63 అంటే ఉన్నది 2.4, మళ్లీ కింద.

పైన మొదలై కిందికి, మళ్లీ పైన మొదలై కిందికి. చుక్కలు ఊరికే చెదిరితే ఇలా రెండు వరుసలు కట్టవు. గీత ఏటవాలుగా పోతుంటే చుక్కలు రెండు చదునైన మెట్లలా కూర్చున్నాయి. పైగా 240 నుంచి 360 దాకా ఒక్క చుక్క లేదు. పటాన్ని కొంచెం దూరం పెట్టి కళ్లు చికిలించి చూస్తే ట్రెండ్‌లైన్ కనుమరుగై రెండు గుంపులే కనిపిస్తాయి. మా పిల్లల్లో ఒకమ్మాయి "సార్, ఇది ర్యాంపు కాదు, మెట్లు" అన్నది. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

మేం వెయ్యి అడుగుల బోరు వేయిస్తున్నం. గీత ప్రకారం ఎంత వస్తది?

గీతను అడిగితే 5 అని చెబుతుంది. కానీ ఆ గీత పుట్టింది 120 నుంచి 520 అడుగుల బోర్లతో, ఆ తర్వాత ఏముందో అది చూడలేదు. గీతను పొడిగించడం కంప్యూటర్‌కు ఒక్క క్లిక్కు పని కాబట్టి అది తెలిసిన సంగతిలా అనిపిస్తుంది. బోరు పడ్డాక నీళ్లు పరీక్ష చేయించడం తప్ప దీనికి వేరే దారి లేదు.

## కారణం దగ్గరకు వచ్చాక

చుక్కలు ఇంత బాగా గీత వెంట నడుస్తుంటే లోతే కారణం ఎందుకు కాదు?

లోతునూ ఫ్లోరైడ్‌నూ రెండింటినీ వెనక నుంచి నడిపించే మూడోది ఇక్కడ ఉంది కాబట్టి. అది బోరు ఉన్న చోటు.

ముందు లోతు సంగతి చూద్దాం. మెట్ట మీద నీటిమట్టం కిందికి ఉంటుంది, రైతు 400 అడుగులు దింపక తప్పదు. చెరువు కింద నీళ్లు పైనే దొరుకుతాయి, 150 అడుగులకు మోటరు పోస్తుంటే ఇంకా ఎందుకు తవ్విస్తాడు? అడుగుకు ఇంత అని రిగ్గువాడికి లెక్క కట్టాలి కదా. కాబట్టి బోరు ఎంత లోతుండాలో చాలావరకు ఆ చోటే తేలుస్తుంది.

ఇక ఫ్లోరైడ్. మన జిల్లా కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ రాయి. ఆ రాయిలోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ ఉంటుంది. నీళ్లు రాతి పగుళ్లలో ఎక్కువ కాలం నిలిచి, వాటిలో కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ ఎక్కువ కరుగుతుంది. కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌తో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా విడిపోతుంది, నీళ్లలో ఎక్కువ మిగలదు. చెరువు నుంచి ఏటా కొత్త నీళ్లు ఇంకే చోట పాత నీళ్లు పలచబడతాయి, మెట్ట మీద ఆ అవకాశం తక్కువ.

అంటే ఒకే చోటు రెండు పనులు చేసింది, బోరును లోతుకు దింపించింది, నీళ్లలో ఫ్లోరైడ్ నిలిపింది. మనం పటంలో ఆ చోటును చూపలేదు, రెండు ఫలితాల్ని మాత్రం పక్కపక్కన పెట్టాం. అవి చేతులు పట్టుకుని నడిచినట్టు కనిపించాయి. నా లెక్కలో ఈ రెండు గుంపులూ ఒకదాన్నొకటి ఎరగవు కూడా, చెరువు కింద 400 అడుగుల బోరు ఒక్కటీ లేదు, మెట్ట మీద 200 అడుగులది ఒక్కటీ లేదు.

మూడోది ఉందో లేదో పటంలోనే ఎలా పట్టుకోవాలి?

దేన్ని అనుమానిస్తున్నామో దాని ప్రకారం చుక్కలకు రంగులు వేయాలి. ఎక్సెల్‌లో అయితే చెరువు కింది ఐదింటిని ఒక సిరీస్‌గా, మెట్ట ఐదింటిని ఇంకో సిరీస్‌గా పెట్టి, దేని ట్రెండ్‌లైన్ దానికి వేయాలి. షీట్లో లోతు B వరుసలో, ఫ్లోరైడ్ C వరుసలో, అంకెలు రెండో అడ్డవరుస నుంచి మొదలైతే ఇలా కొట్టి చూడొచ్చు:

```
=SLOPE(C2:C11,B2:B11)
=SLOPE(C2:C6,B2:B6)
=SLOPE(C7:C11,B7:B11)
```

మొదటిది పది బోర్లకూ కలిపి, 0.005 వస్తుంది. రెండోది చెరువు కింది వాటికి, -0.0003. మూడోది మెట్ట వాటికి, 0.00025. వంద అడుగుల్లో చెప్పుకుంటే అన్నీ కలిపినప్పుడు 0.5 పెరిగినట్టు కనిపించింది. చెరువు కింద అది 0.03 తగ్గింది, మెట్ట మీద 0.025 పెరిగింది, అంటే రెండు చోట్లా దాదాపు చదునే. ఏటవాలు మొత్తం ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు దూకిన చోటే ఉంది. (SLOPE లో ముందు ఫ్లోరైడ్, తర్వాత లోతు రాయాలి. తిప్పి రాస్తే వేరే అంకె వస్తుంది, నేనూ ఒకసారి బోర్డు మీద అలా రాసి పరువు తీసుకున్నాను.)

అయితే లోతుకు ఫ్లోరైడ్‌కు సంబంధమే లేదంటారా?

అలా కూడా అనను. లోతుగా ఉన్న నీళ్లు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉండే వీలుంది, కాబట్టి కొన్ని చోట్ల లోతు నిజంగానే పని చేయొచ్చు. ఒక్కో గుంపులో ఐదేసి చుక్కలే ఉన్నాయి, చిన్న ప్రభావం ఉన్నా అందులో దొరకదు. నేను చెప్పేది ఇంతే: ఈ పది చుక్కలు ఆ సంగతి తేల్చలేవు. లోతు కారణమైనా ఇలాంటి పటమే రావచ్చు, చోటు కారణమైనా రావచ్చు. "రుజువు కాలేదు" అంటే "అబద్ధం" అని అర్థం చేసుకుని చార్టు చింపేసిన పిల్లలున్నారు, అది కూడా తొందరే.

కారణం ఉల్టా ఉండే అవకాశం ఉందా? ఫ్లోరైడ్ వల్ల బోరు లోతవడం?

వినడానికి నవ్వొస్తుంది కానీ మనుషులు మధ్యలో ఉంటే అదీ జరుగుతుంది. పై నీళ్లలో ఫ్లోరిన్ ఉందని తెలిసి, ఇంకా కిందికి పోతే మంచి నీళ్లు పడతాయేమోనని ఆశపడి అదే బోరును దింపించిన ఇల్లు ఒకటి ఉందనుకోండి. అలాంటివి నాలుగు ఉంటే ఫ్లోరైడ్ ఎక్కువున్న చోటే లోతు బోర్లు కనిపిస్తాయి. పటం చూసి ఇది కనిపెట్టలేం. ఇంటాయనను "ఈ బోరు ఎప్పుడు వేసిన్రు, మళ్ల దింపిన్రా, ఎందుకు దింపిన్రు" అని అడిగితేనే తెలుస్తుంది.

నీళ్ల సీసాలు ఎక్కడి నుంచి తెచ్చామన్నది కూడా లెక్కలోకొస్తుందా?

చాలా వస్తుంది. పిల్లలు మామూలుగా పళ్లు గారపట్టినవాళ్లు ఉన్న ఇళ్లకే ముందు వెళ్తారు, అక్కడ ఫ్లోరైడ్ దొరుకుతుందని. ఇంకో పక్క, ఊళ్లో తాగడానికి వాడని పాత బోరును ఎవరూ పట్టించుకోరు. ఏ బోరు పటంలోకి రావాలో దాని ఫ్లోరైడే నిర్ణయిస్తే గీత ఏటవాలు ముందే వంగిపోతుంది. ఊరి బోర్లన్నీ చీటీలు రాసి, కళ్లు మూసుకుని పది తీయడం మంచి పద్ధతి. అన్ని సీసాలూ ఒకే వారంలో పట్టాలి, వానలకు ముందూ తర్వాతా నీళ్లు ఒకలా ఉండవు.

## ఇక మన బోరు సంగతి

మరి కారణం అని ఎప్పుడు అనొచ్చు?

ఒక్కదాన్నే మార్చి, మిగతావి అలాగే ఉంచి చూసినప్పుడు ఆ మాటకు బలం వస్తుంది. బోర్ల విషయంలో దగ్గరి దారి జంటలు వెతకడం. ఒకే చెలకలో పాతిక గజాల దూరంలో ఒకటి 200, ఇంకొకటి 400 అడుగులున్న బోర్లు దొరికితే చోటు మారకుండా లోతు మారినట్టే. అలాంటి జంటలు పది దొరికి, ఎక్కువ వాటిలో లోతైన దానికే ఫ్లోరైడ్ ఎక్కువుంటే అప్పుడు లోతును అనుమానించాలి. ఇంకో దారి, ఎవరైనా బోరును దింపిస్తుంటే దింపకముందు నీళ్లు, దింపాక నీళ్లు రెండూ పట్టుకోవడం. అప్పుడు కూడా పక్కన దింపని బోరు ఒకదాన్ని అవే రోజుల్లో పరీక్షించాలి. లేకపోతే మధ్యలో పడ్డ వాన చేసిన మార్పును మనం రిగ్గు ఖాతాలో రాసేస్తాం.

కారణం చెప్పనప్పుడు ఆ గీత దేనికి పనికొస్తది?

ఊహించడానికి. ఆ ఊళ్లోనే, అదే పద్ధతిలో పడిన పదకొండో బోరు 450 అడుగులుందని తెలిస్తే ఫ్లోరైడ్ 2 దాటి ఉండొచ్చని అనుకుని ముందు దాన్నే పరీక్షకు పంపొచ్చు. లోతు ఇక్కడ గుర్తుగా పనికొచ్చింది, కారణం కావాల్సిన పని లేదు. పక్క ఊరికి తీసుకుపోతే మాత్రం ఆ గుర్తు పనిచేస్తుందన్న భరోసా లేదు.

మా మెట్ట బోరు 480 అడుగులు. అడుగు సగం పూడ్పిస్తే ఫ్లోరిన్ తగ్గుతదా సారూ?

ఈ ప్రశ్న వేసిన రైతు చేతిలో పిల్లల చార్టు ఉంది. 480 దగ్గర గీత చెప్పే 2.4 కాస్తా, 240 అడుగులకు తెస్తే 1.2 కావాలి. కానీ ఆ 240 అడుగుల దగ్గర ఉన్నవన్నీ చెరువు కింది బోర్లు. బోరును పూడ్చినంత మాత్రాన మెట్ట చెరువు కిందికి రాదు. ఫ్లోరైడ్ తగ్గకపోవచ్చు, నీళ్లు మాత్రం పోవచ్చు.

తాగే నీళ్లకు భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటుంది. 2.2 ఉన్న బోరు నీళ్లు తాగడానికీ వంటకూ వాడొద్దని, వాటికి నల్లా నీళ్లు పట్టుకోమని ఆయనకు చెప్పాను. కాచి తాగుతామన్నాడు. కాచితే ఆవిరయ్యేది నీళ్లే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోయి ఇంకాస్త చిక్కబడుతుంది. పటికతో, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరుతోనే నల్లగొండ టెక్నిక్ అంటారు, కానీ నీళ్లను బట్టి పటిక మోతాదు మారుతుంది, ఇంట్లో అందాజాగా వేసేది కాదు. బోరును చెలకకు ఉంచుకుని, పూడ్చే ఖర్చు మిగుల్చుకోమన్నాను. చార్టు మీది వాక్యాన్ని పిల్లలతో దిద్దించి "మేం చూసిన పది బోర్లలో లోతైనవాటికి ఫ్లోరైడ్ ఎక్కువ ఉంది, అవన్నీ మెట్ట మీదివి" అని రాయించాను.